సరుకు మనమే కొనుక్కుని చాకిరీ చేయాలా?

మా చిన్న తోటికోడలు ఉండేది కవిటి దగ్గర పల్లెలో. కొబ్బరితోటలో కట్టెలపొయ్యి పెట్టి పనసపొట్టు కూర, జీడిపప్పు పాకం చేస్తూ చిన్న చిన్న వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటుంది. ఆరు వేలమంది దాకా ఆమెను అనుసరిస్తున్నారు. ఆ పిల్లకి అదెంత సంబరమో నాకు తెలుసు. మొదటి కథ అచ్చయిన రోజు పత్రికని దిండు కింద పెట్టుకు పడుకున్నదాన్ని నేను!

సంక్రాంతికి పలాస వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన చేరి, "అక్కా, బావగారికీ ఈయనకీ చెప్పకు. మోసపోయానేమోనని భయంగా ఉంది" అంది.

సంగతేమిటంటే, ఆమె వీడియో కింద ఒక బట్టల పేజీవాళ్లు "మాతో కలిసి పనిచేస్తారా? మెసేజ్ పెట్టండి" అని రాశారు. పెడితే అభినందనలు, మీరు మా ప్రచారకర్తగా ఎంపికయ్యారు అన్నారు. 1,999 రూపాయల కుర్తీ మీకు మాత్రం 799కే, పోస్టేజీ 99. వేసుకుని వీడియో పెడితే ఆ 898 వాపసు, పైన 1,500 పారితోషికం. కట్టేసింది. కుర్తీ వచ్చింది కూడా. అలాంటిది కాశీబుగ్గ బజార్లో 350కి దొరుకుతుంది.

వీడియో పెట్టాక కొత్త షరతు బయటపడింది. రెండు రోజుల్లో పదివేల మంది చూడాలట! చూసింది రెండు వేల పైచిలుకు. పోనీలెండి, 1,200 డిపాజిట్ కడితే అంతా కలిపి 3,598 ఒకేసారి పంపుతాం అన్నారు. పోయిన డబ్బు వస్తుందన్న ఆశతో అదీ కట్టింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇందులో ఉన్న తెలివి చూడండి. డిపాజిట్ మాట రాకముందే వాళ్ల వ్యాపారం అయిపోయింది. కుర్తీ అమ్మేశారు, లాభం వచ్చింది, పైగా ప్రచారం ఉచితం. ఇలా వందమంది ఒప్పుకుంటే 89,800 రూపాయలు. వాళ్లకి కావలసింది ఆమె వీడియో కాదు, ఆమె 898. సరుకు చేతికొచ్చింది కాబట్టి ఆ మొదటి సొమ్ముని మోసమని నిరూపించడమూ కష్టమే.

మా పలాసలో జీడిపప్పు పొట్టు తీయడానికి వెళ్లిన ఆడమనిషికి పప్పు యజమానే తూకం వేసి ఇస్తాడు. పని చేసి అప్పగిస్తే కూలి ఇస్తాడు. కూలి తక్కువని ఎన్ని తగువులైనా రావచ్చుగానీ, "ముందు ఈ పప్పు నువ్వు కొనుక్కో" అన్నవాణ్ణి నేను చూడలేదు. ప్రచారమూ పనే కదా! నిజమైన కంపెనీ వస్తువు తనే పంపుతుంది, లేదా డబ్బిస్తుంది, లేదా రెండూ. ముందు కొనండి, బిల్లు పంపితే ఇస్తామనే వాళ్లూ కొందరుంటారు. అలాంటప్పుడు కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న మెయిలుకి రాసి ఆ మనిషి తమవాడేనా అని అడగాలి.

మేమిద్దరం కూర్చుని ఆ పేజీని ట్యాగ్ చేసిన ఫొటోలు తీసి చూశాం. అందరూ రెండు మూడు వేలమంది అనుసరించే మన బోటి పిల్లలే. అందరివీ దాదాపు అవే పొగడ్తలు. ఏ ఒక్కరూ రెండోసారి కనబడలేదు. నాకు అన్నిటికన్నా అదే పెద్ద సాక్ష్యం. ఇద్దరికి మెసేజ్ పెడితే ఒకమ్మాయి జవాబిచ్చింది. ఆమెకీ వాపసు రాలేదు.

ఇంకో విడ్డూరం. డబ్బుగానీ, ఉచిత వస్తువుగానీ, తగ్గింపుగానీ పుచ్చుకుని ప్రచారం చేస్తే అది ప్రకటన అని చూసేవాళ్లకి చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. అంటే ఎదురు డబ్బు కట్టింది ఈవిడే, చెప్పకపోతే తప్పూ ఈవిడదే!

ఆ 1,200 గురించి 1930కి ఫోను చేయించాను. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టాం. కట్టిన వెంటనే చేసి ఉంటే ఆ సొమ్ము ఖాతా దాటకుండా ఆపే వీలు ఎక్కువ. పదకొండు రోజులు ఎందుకు ఊరుకుంది? "ఈయనకి తెలిస్తే ఫోను లాక్కుంటారక్కా!" మోసం చేసినవాడికి ఆ పదకొండు రోజులూ ఇచ్చింది మన ఇంటి భయమే. రాత్రి మా మరిదికి నేనే చెప్పాను. కాసేపు గొణిగాడు గానీ ఫోను జోలికి పోలేదు.

పోయినవారం ఆమెకి నగలవాళ్ల దగ్గర్నుంచి మరో మెసేజ్ వచ్చింది, సగం ధరకే హారం అని. "హారం పంపండి, వీడియో చేస్తాను. డబ్బు మాత్రం కట్టను" అని రాసిందట. ఐదు నిమిషాల్లో ఆ పేజీ ఆమెను బ్లాక్ చేసేసింది.