ఇసుకలో ప, వ

మా మనవరాలికి నాలుగేళ్లు. ఇంట్లో తెలుగు, మెట్ల మీద పక్కింటి మార్వాడీ పిల్లలతో హిందీ, బడిలో తమిళం, ఇంగ్లీషు. సౌకార్‌పేటలో ఇది మామూలే. తెలుగు మాట చెవిన పడుతుంది గానీ, తెలుగు అక్షరం కంటపడాలంటే ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని చూపించాలి.

అట్టముక్కలు కత్తిరించి అక్షరం రాశాను, పక్కనే బొమ్మ వేశాను. పడవ అట్ట చూపగానే 'ప' అనేది. నేను పొంగిపోయాను. ఓసారి చేత్తో పడవను మూశాను. నోరు పెగల్లేదు. అది చదివింది బొమ్మని! ఆ రోజు నుంచి బొమ్మ అట్ట వెనక్కి పోయింది.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు: ప, వ దానికి ఒకటే. వ తలకట్టు ఒంటిని అంటుకుని ఉంటుంది, ప తలకట్టు విడిగా నిలబడుతుంది. రెంటికీ తేడా ఆ కాస్త సందే. కళ్లతో ఎంతసేపు చూపినా ఆ సందు దాని బుర్రకెక్కలేదు. వేలికి చూపాల్సి వచ్చింది.

స్టీలు పళ్లెంలో నల్ల కాగితం పరిచి, జల్లించి ఎండబెట్టిన సన్న ఇసుక పోశాను. (మొదట ఉప్పు పోశాను. మన ఊరి ఉక్కకు రెండో రోజుకే గడ్డకట్టింది.) అయితే ఇసుక ఎక్కువైంది. వేలు తీయగానే గట్లు జారి సందు పూడిపోయేది, రాసిన ప కళ్లముందే వ అయ్యేది. పిల్ల తప్పు కాదు, నాది. చిటికెన వేలి గోరంత మందానికి తగ్గించాక గీత నిలబడింది, అడుగున నలుపు తేలింది.

ఇప్పుడు ప ఒంటిని గీసి, వేలు ఎత్తి, తలకట్టు విడిగా పెడుతుంది. వ అయితే తలకట్టు వచ్చి ఒంటిని తాకాలి. ఆ ఎత్తడమే పాఠం. ఇసుకలో మిగిలిన అక్షరం చూసి మార్కులు వేస్తే మోసపోతాం. గీత ఎటు నుంచి మొదలైందో, వేలు ఎక్కడ లేచిందో అది చెప్పదు. ఎదురుగా కూర్చుంటే మనకు అక్షరం తలకిందులు కనబడుతుంది. అందుకే పిల్ల పక్కనే కూర్చుంటాను.

ఈ పళ్లెం కొత్తదేం కాదు. ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అదే పద్ధతి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు బడుల్లోనూ ఇసుక బల్లలు వెలిశాయి. 1939లో అడయారు వచ్చిన మాంటిస్సోరి అక్షరాలు ఉప్పుకాగితంవి, చెరిగిపోవు. నాకు మాత్రం చెరిగేదే నచ్చింది. తప్పు రాస్తే పళ్లెం ఒకసారి ఊపితే చాలు.

ఆట మాత్రం ఆవిడ పద్ధతే. ముందు "ఇది ప, ఇది వ". తర్వాత "వ ఏది?" అట్ట తెచ్చివ్వాలి. చివర "ఇదేంటి?" రెండో మెట్టు తడబడితే మూడోది అడగను.

నిన్న పడవ అని మూడు అట్టలు పేర్చాను. మొదటిది "ప" అంది, చివరిది "వ" అంది. నడుమ డ దగ్గర నా మొహం చూసింది. దాని వంతు వచ్చే వారం.