సూయజ్ దారి మూస్తే మనకు పోయేది ఎన్ని రోజులు?

షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు పద్మశాలీలు నేసే తువ్వాళ్లు యూరప్ వెళ్లాలంటే జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఓడెక్కాలి. తిరుప్పూరు బనియన్లు తూత్తుకుడి నుంచి బయల్దేరతాయి. రెండింటికీ దగ్గరి దారి ఎర్ర సముద్రం మీదుగా సూయజ్ కాలువే. 2023 నవంబర్ 19న హూతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్న తర్వాత, డిసెంబర్‌లో పెద్ద కంటైనర్ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ఈ దారి వదిలి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి ‘పది రోజులు ఆలస్యం’, ‘రెండు వారాలు ఆలస్యం’ అంటూ రకరకాల మాటలు వింటున్నాం. అసలు లెక్క ఏమిటో ఇక్కడ చూద్దాం.

ముంబై తీరం నుంచి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవుకు సూయజ్ మీదుగా సుమారు 6,300 నాటికల్ మైళ్లు. దక్షిణాఫ్రికా కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టి వెళితే సుమారు 10,700. అంటే కాలువ వల్ల 4,400 నాటికల్ మైళ్లు, మన కొలతలో 8,100 కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది. మొత్తం దూరంలో ఇది 41 శాతం.

అయితే ఈ లాభం అందరికీ ఒకేలా ఉండదు. తూత్తుకుడి పక్కనే ఉన్న కొలంబో నుంచి లెక్కిస్తే మిగిలేది దాదాపు 3,700 మైళ్లు. సింగపూర్ నుంచైతే దాదాపు 3,500 మైళ్లే, అంటే 30 శాతం. కారణం పటం చూస్తే తెలుస్తుంది. ముంబై ఎర్ర సముద్రపు ముఖద్వారానికి దగ్గర. అక్కడి నుంచి ఆఫ్రికా కొసకు దిగడమంటే కిందికి పోయి మళ్లీ అంతా పైకి రావడమే. తూర్పుకు వెళ్లేకొద్దీ హిందూ మహాసముద్రాన్ని ఏటవాలుగా దాటి ఆఫ్రికా కొసకు చేరవచ్చు కాబట్టి చుట్టుదారి అంత చుట్టు అనిపించదు. ఈ లెక్కన కాలువ మూస్తే చైనా సరుకు కంటే మన పశ్చిమ తీరపు సరుకుకే ఎక్కువ దెబ్బ.

ఇక దూరాన్ని రోజుల్లోకి మారుద్దాం. ఓడ 16 నాట్ల వేగంతో, అంటే గంటకు 16 నాటికల్ మైళ్లు నడిస్తే రోజుకు 384 మైళ్లు. సూయజ్ దారిలో నడక 16 రోజులకు కాస్త ఎక్కువ. చుట్టుదారిలో 28 రోజులు. తేడా పదకొండున్నర రోజులు. కానీ కాలువలో ఓడ తన ఇష్టం వచ్చినట్టు పోలేదు. పోర్ట్ సయీద్ నుంచి సూయజ్ వరకు ఉన్న 193 కిలోమీటర్లను వరుస కట్టి, నెమ్మదిగా దాటాలి. వరుస కోసం ఆగడం, దాటడం కలిపి దాదాపు ఒక రోజు పోతుంది. అది తీసేస్తే నికరంగా మిగిలేది పది, పదిన్నర రోజులు. అదే ఓడ 14 నాట్లతో నడిస్తే తేడా 12 రోజులు అవుతుంది. అందుకే ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య చెబుతారు. ఎక్కడి నుంచి, ఏ వేగంతో అన్నది చెప్పకుండా ‘ఇన్ని రోజులు’ అంటే దానికి అర్థం లేదు.

వేగం పెంచి ఆ రోజులు తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. కొంతవరకు కుదురుతుంది. చుట్టుదారిలో 16కు బదులు 18 నాట్లతో నడిపితే 28 రోజులు 25కు తగ్గుతాయి. కానీ ఓడ రోజూ తాగే ఇంధనం దాదాపు వేగానికి ఘనంగా పెరుగుతుంది. మూడు రోజుల కోసం మొత్తం ప్రయాణానికి పాతిక శాతానికి పైగా ఎక్కువ ఇంధనం కాల్చాలి. అది కూడా 4,400 మైళ్ల అదనపు దారికి అయ్యే ఇంధనం మీద.

ఎగుమతిదారుకు అసలు నష్టం ఎక్కడ ఉంది? 30 లక్షల రూపాయల తువ్వాళ్ల కంటైనర్ అనుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 9 శాతం. డబ్బు 11 రోజులు ఆలస్యంగా వస్తే అదనపు వడ్డీ దాదాపు 8,000 రూపాయలు. బాధే గానీ మునిగిపోయేంత కాదు. పెద్ద దెబ్బ ఓడల లెక్కలో ఉంది. ఒక కంపెనీ వారానికొక ఓడ చొప్పున యూరప్‌కు నడుపుతుందనుకోండి. రానుపోను 56 రోజులు పడితే ఎనిమిది ఓడలు చాలు. చుట్టుదారిలో పోను పదిన్నర, రాను పదిన్నర, మొత్తం 21 రోజులు పెరిగి 77 అవుతుంది. అదే వారం సర్వీసుకు ఇప్పుడు పదకొండు ఓడలు కావాలి. సరుకు పెరగలేదు, అయినా మూడు ఓడలు ఎక్కువ కావాలి. ఖాళీ కంటైనర్లు కూడా మూడు వారాలు ఆలస్యంగా తిరిగొస్తాయి. కిరాయిలు పెరిగింది, బుకింగ్ దొరకనిది ఇందువల్లే.

ఇంత నష్టమైతే కంపెనీలు ఎందుకు చుట్టూ తిరుగుతాయి? కాలువ దారి ఉచితం కాదు గనుక. పెద్ద కంటైనర్ ఓడ కాలువ సుంకమే లక్షల డాలర్లలో కడుతుంది. 2024 ఆరంభంలో ఎర్ర సముద్రానికి యుద్ధ బీమా ఓడ విలువలో 0.7 నుంచి 1 శాతం వరకు వెళ్లింది. పది కోట్ల డాలర్ల ఓడకు అది ఒక్కసారి దాటడానికే ఏడు నుంచి పది లక్షల డాలర్లు. సుంకం, బీమా కలిపి పది రోజుల ఇంధనం ఖర్చును మించితే దగ్గరి దారే ఖరీదైన దారి. ఆ దెబ్బ ఈజిప్టుకూ తగిలింది. 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన కాలువ ఆదాయం 2024లో 400 కోట్లకు పడిపోయింది.

డబ్బు లెక్కకు అందనిది ఒకటుంది. 2024 జనవరి 26న క్షిపణి తగిలి మంటలు లేచిన మార్లిన్ లువాండా ఓడలో 22 మంది భారతీయులున్నారు. మంటలార్పడానికి వెళ్లింది మన నౌకాదళపు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడపై దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. పిల్లల్ని ఓడ ఉద్యోగాలకు పంపిన ఇళ్లలో పది రోజుల ఆలస్యాన్ని ఎవరూ నష్టంగా లెక్కపెట్టరు.

కాలువ దారి మళ్లీ పూర్తిగా తెరుచుకున్నా రోజులు వెంటనే చేతికి రావు. ముందు బయల్దేరి చుట్టుదారిన వచ్చే ఓడలు, తర్వాత బయల్దేరి సూయజ్ మీదుగా వచ్చే ఓడలు ఒకే వారంలో యూరప్ రేవులకు చేరతాయి. అక్కడ లంగరు వేసి ఆగడంలో మిగిలిన రోజులు కొన్ని కరిగిపోతాయి.

అందుకే మన ఎగుమతిదారులకు మేము చెప్పేది ఒకటే. బుకింగ్ రోజునే ఓడ పేరు, దారి అడిగి రాయించుకోండి. షెడ్యూల్‌లో రోటర్‌డామ్‌కు నెల దాటి చూపిస్తే అది దాదాపుగా ఆఫ్రికా చుట్టుదారే. కొనుగోలుదారుకు తేదీ ఇచ్చేముందు ఆ పదిన్నర రోజులు కలిపే ఇవ్వండి. సూయజ్ లెక్కన మాట ఇచ్చి, సరుకు గుడ్ హోప్ చుట్టూ పంపితే ఆలస్యపు కోత పడేది ఓడ కంపెనీకి కాదు, మన బిల్లుకే.