జర్మన్ ‘జీ’ మన ‘ఆప్’ కాదు

పోయిన నెల మా భాంజీ ఫోన్ చేసింది. సలాం, ఖైరియత్ అయ్యాక అసలు సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో తను పనిచేసే ఆఫీసుకి జర్మనీలో ఒక టీం ఉంది. అక్కడి ఒక మేడంకి మొదటిసారి మెసేజ్ పంపాలి. విషయం చిన్నదే, ఒక లిస్టు కావాలని అడగడం. గంట నుంచి రాస్తోంది, తుడుస్తోంది. “మామూ, ‘జీ’ రాయాలా, ‘డూ’ రాయాలా? ఆవిడ నాకంటే పెద్దదో చిన్నదో కూడా తెలియదు.”

కాలేజీ రోజుల్లో నేను రెండేళ్లు సాయంత్రం క్లాసుల్లో జర్మన్ నేర్చుకున్నానని దానికి తెలుసు. అందుకే నన్ను అడిగింది. నా జవాబు ఒక్క మాటలో ‘జీ’. కానీ మనవాళ్లు ఆ మాటను అర్థం చేసుకునే తీరులోనే గలత్‌ఫహమీ ఉంది.

ముందు ఆ రెండు మాటలేమిటో చెప్తాను. జర్మన్‌లో ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. ఈ ‘జీ’ మన ‘జీ హాఁ’లోని జీమ్‌తో పలికేది కాదు, ‘జమీన్’లోని జే అక్షరంతో పలికేది. వినగానే మనకి ‘ఆప్’ గుర్తొస్తుంది. సరే, డూ అంటే తుమ్, జీ అంటే ఆప్ అని మనసులో రాసేసుకుంటాం. తేడా ఇక్కడే వస్తుంది.

మన ఇళ్లలో ఆప్ అంటే ఇజ్జత్. నేను మా భాంజీని తుమ్ అంటాను, అది నన్ను ఆప్ అంటుంది. ఇద్దరికీ ఇబ్బంది లేదు. తెలుగులోనూ మాస్టారు నువ్వు అంటారు, మనం మీరు అంటాం. జర్మన్‌లో పెద్దవాళ్లయిన ఇద్దరి మధ్య ఈ లెక్క నడవదు. నేను జీ అంటే అవతలి వ్యక్తీ జీ అనాలి. ఆయన డూ అంటే నేనూ డూ అనాలి. ఆఫీసులో బాస్‌తో అయినా అంతే. అక్కడి పిల్లలు అమ్మానాన్నలను డూ అంటారు. దుఆలో దేవుణ్ని కూడా డూ అనే పిలుస్తారు, మనం ఉర్దూ దుఆలో అల్లాహ్‌ను తూ అన్నట్టే. కాబట్టి జీ ఎక్కువ ఇజ్జత్ కాదు, డూ తక్కువ ఇజ్జత్ కాదు. జీ అంటే ఫాస్లా. మన మధ్య ఇంకా పరిచయం లేదు, ఒకరి హద్దులోకి ఒకరు రాలేదు అని చెప్పడం.

ఇలా చూస్తే మొదటి మెసేజ్‌లో జీ ఎందుకో తేలిపోతుంది. పరిచయం లేదు కాబట్టి. ఆవిడ వయసు తెలియకపోవడం సమస్యే కాదు. జీ నుంచి డూకి ఎప్పుడైనా వెళ్లవచ్చు. డూ నుంచి వెనక్కి జీకి వెళ్తే మాత్రం ఏదో తగాదా వచ్చినట్టు ఉంటుంది. తెరవగలిగే తలుపు దగ్గర ఆగడమే మేలు.

భాంజీ రాసిన మెసేజ్ చదివి వినిపించమన్నాను. పలకరింపులో ‘హలో’ తర్వాత ఆవిడ మొదటి పేరు ఉంది. రెండో వాక్యంలో జీ ఉంది. చివరి వాక్యంలో ‘మీ లిస్టు’ అనాల్సిన చోట ‘డైన్’ ఉంది, అంటే ‘నీ’. ఇద్దరు దోస్తుల పాత మెయిళ్ల నుంచి ముక్కలు తీసి అతికించిందట. “ఆప్ కైసే హో, తేరా ఖత్ మిలా” అన్నట్టుంది అన్నాను. పకపకా నవ్వింది. మొదటి మెసేజ్‌లో చదివేవాళ్లకు ఎబ్బెట్టుగా తగిలేది ఈ కలగలుపే.

దాన్ని ఇలా సరిచేశాం. ఆవిడ ఇంటిపేరు ష్మిట్ అనుకుందాం. జీ ఉన్నచోట ఇంటిపేరు ఉండాలి, కాబట్టి పలకరింపు ‘గూటెన్ టాగ్ ఫ్రావ్ ష్మిట్’. మగాయన అయితే ఫ్రావ్ బదులు హెర్. ‘జేయర్ గెయెర్టె’ అనే పలకరింపు కూడా ఉంది. అది ఆఫీసు ఖత్‌లకు బాగుంటుంది, రెండు లైన్ల మెసేజ్‌కి బరువెక్కువ. తర్వాత నేనెవరు అన్నది ఒక వాక్యం, ఏం కావాలన్నది ఒక వాక్యం: ‘క్యోంటెన్ జీ మియర్ బిట్టె డీ లిస్టె షికెన్?’ అంటే, దయచేసి ఆ లిస్టు నాకు పంపగలరా? చివర ‘ఫీలె గ్ర్యూసె’, కింద పేరు.

టైప్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ‘మీరు’ అనే జీకి మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. చిన్నదైతే అర్థం ‘ఆమె’ లేదా ‘వాళ్లు’ అయిపోతుంది. ‘మీకు’ అనే ‘ఈనెన్’ కూడా అంతే. చిన్న అక్షరంతో రాస్తే ‘ఫైల్ మీకు పంపాను’ కాస్తా ‘ఫైల్ వాళ్లకు పంపాను’ అవుతుంది. అప్పుడు ఆవిడ ఎవరికి అని వెతుక్కోవాలి.

ఇక మన పేర్ల సంగతి. దీన్ని ఏ పుస్తకమూ మన కోసం రాయదు. జవాబులో ఆవిడ కూడా భాంజీని ఇంటిపేరుతోనే పిలవాలి. మన ఆడపిల్లల పేర్లలో చివర బేగం, సుల్తానా, ఫాతిమా ఉంటాయి. ఆవిడ చివరి మాటనే ఇంటిపేరు అనుకుని ‘ఫ్రావ్ బేగం’ అని రాస్తుంది. ఫ్రావ్ అన్నా బేగం అన్నా మర్యాద పిలుపులే. శ్రీమతి శ్రీమతి అన్నట్టు! అందులో ఆవిడ తప్పేం లేదు, నొచ్చుకోవద్దు. సంతకంలో పూర్తి పేరు రాసి, ఎలా పిలవాలనుకుంటున్నామో ఆ మాట చివర వచ్చేలా చూసుకుంటే చాలు.

కొందరు అంటారు, “ఐటీ కంపెనీల్లో అందరూ డూ అనే అంటారు, ఈ తకల్లుఫ్ ఎందుకు?” ఆ మాటలో నిజముంది. చాలా టీంలలో అదే రివాజు. మీ టీంలో అలా ఉందో లేదో లీడ్‌ని ఒక్క మాట అడగండి. ఉందంటే మొదటి మెసేజ్ నుంచే డూ, మొదటి పేరు. ఆవిడే ముందు మీకు డూతో రాసి ఉన్నా అంతే. కానీ ఇంగ్లీష్ మీటింగులో మొదటి పేర్లతో పిలుచుకున్నంత మాత్రాన డూ వచ్చేసిందనుకోకండి. ఇంగ్లీష్‌లో ఉన్నది ఒకే ‘యూ’, అందులో ఈ రెండిటి లెక్క లేదు.

డూకి ఇజాజత్ ఇచ్చేది మామూలుగా పెద్దవాళ్లు. ఆఫీసులో అయితే వయసు కంటే ముందు హోదా చూస్తారు. పహల్ వాళ్లదే కావాలి. “మనం డూ అనుకుందామా” అని రాయవచ్చు, లేదా జవాబు కింద మొదటి పేరు మాత్రమే పెట్టవచ్చు. రెండోది ఇషారా మాత్రమే. అదే మెసేజ్‌లో జీ కూడా ఉంటే మనమూ జీ దగ్గరే ఉండాలి.

నేను ఈ ఖత్ రాయడానికి అసలు కారణం దీని తర్వాతిది. భాంజీకి మూడో రోజు జవాబు వచ్చింది. ఆవిడ డూతో రాసి, నువ్వూ డూ అనే రాయి అంది. మావాడు, అంటే దాని అన్న, “ఎంతైనా పెద్దావిడ, నువ్వు జీ అనే రాయి, మన తమీజ్ మనది” అన్నాడట. నేను వద్దన్నాను. ఆవిడ డూ అన్నాక మనం జీ అంటూ ఉంటే అక్కడ అది లిహాజ్ కాదు. చాచిన చెయ్యి పట్టుకోకుండా నిలబడటం. అదబ్ అంటే మనకి అలవాటైన మాట వాడటం కాదు, ఎదుటి మనిషికి మర్యాదగా అందే మాట వాడటం.

భాంజీ డూ అని రాసి పంపింది. పంపాక నాకు ఫోన్ చేసి, “మామూ, చెయ్యి వణికింది” అంది. నాకూ ఆ పిల్ల వయసులో అలాగే ఉండేది.