దోషాల లెక్కలు, లెక్కల దోషాలు

సాఫ్టువేరు పరీక్షకుల పనితనాన్ని తూచడానికి యాజమాన్యాలు వాడే అంకెలలో మిక్కిలి ప్రీతిపాత్రమైనది డిఫెక్ట్ ఎస్కేప్ రేట్. తెలుగులో దీన్ని 'తప్పించుకున్న దోషాల శాతం' అనుకుందాం. విడుదలకు ముందు పరీక్షకులు పట్టుకున్న దోషాలు కొన్ని, వారి కన్నుగప్పి వాడుకరుల దాకా వెళ్ళినవి కొన్ని. ఈ రెండూ కలిపిన మొత్తంలో రెండోవాటి వాటాయే ఈ శాతం. అది ఎంత తగ్గితే పరీక్షణ అంత బాగున్నట్టని ఒక నమ్మకం. ఈ నమ్మకం సరికాదని నా అభిప్రాయం.

ఒక బిల్లింగు సాఫ్టువేరును తీసుకోండి. అంకెలు లెక్క సులువు కోసం నేను వేసుకున్నవే గానీ, తీరు మాత్రం ఈ వృత్తిలో నేను చూసినదే. మొదటి విడుదలకు ముందు 80 దోషాలు పట్టుబడ్డాయి, తరువాత వాడుకరులు 20 చూపించారు. నూటికి 20, అంటే 20 శాతం. రెండో విడుదలకు ప్రోగ్రామర్లు శ్రద్ధ పెంచారు. యూనిట్ టెస్టులు రాసుకున్నారు, ఒకరి కోడును మరొకరు చదివి సరిదిద్దారు. దాంతో పరీక్షకుల చేతికి వచ్చిన సరుకే శుభ్రంగా ఉంది. వారికి దొరికినవి 40, వాడుకరులకు ఎదురైనవి 15. అన్ని విధాలా మెరుగే కదా! కానీ 55లో 15 అంటే 27 శాతం. వాడుకరి సుఖపడ్డాడు, పరీక్షకుడికి మాత్రం ఏడాది చివర గ్రేడు తగ్గింది.

ఇప్పుడు దీనికి విపర్యయం చూడండి. మొదటి విడుదలకే 'శాతం 10కి దిగాలి' అని పైనుంచి ఆజ్ఞ వచ్చిందనుకుందాం. తప్పించుకునేవాటిని తగ్గించడం కష్టం, పట్టుకున్నవాటిని పెంచడం తేలిక. అక్షరదోషం ఒకటి, బొత్తాం కాస్త పక్కకు జరిగిందని ఒకటి, ఒకే దోషాన్ని మూడు తెరల మీద చూసి మూడు టిక్కెట్లు. 80 కాస్తా 180 అవుతుంది. 200లో 20 అంటే సరిగ్గా 10 శాతం! వాడుకరికి తగిలిన దెబ్బలు మాత్రం ఆ ఇరవయ్యే.

లెక్కించే రోజును బట్టి కూడా ఈ శాతం మారిపోతుంది. విడుదలైన రెండు వారాలకు ఆ ఇరవైలో ఆరే బయటపడి ఉంటే, 86లో 6, అంటే 7 శాతమే. నివేదిక ఆనాడే పంపితే అందరికీ అభినందనలు. పైగా వాడేవారు తక్కువైతే బయటపడే దోషాలూ తక్కువే. అది సాఫ్టువేరు గొప్పతనం కాదు.

దోషసాంద్రత, అంటే డిఫెక్ట్ డెన్సిటీ, కథా ఇంతే. 20,000 వరుసల కోడులో 60 దోషాలుంటే వెయ్యికి 3. పునరుక్తులను తొలగించి 12,000 వరుసలకు కుదించాక దోషాలు 48కి తగ్గాయనుకోండి, వెయ్యికి 4 అవుతుంది. చెత్త ఊడ్చినవాడికే చెడ్డపేరు! ఇక సాంద్రత సున్నా ఉన్న భాగాన్ని చూసి మురిసిపోయే ముందు, అసలు దాన్ని ఎవరైనా పరీక్షించారా అని అడగాలి.

ఒక గణాంకాన్ని పట్టుకుని మనుషులను అదుపు చేయబోతే అది తన అర్థాన్ని కోల్పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లోనే గమనించాడు. ఆయన మాట్లాడింది ద్రవ్యవిధానం గురించి. మన వృత్తికీ అది అతికినట్టు సరిపోతుంది.

లెక్కలు వికటిస్తున్నాయని పసిగట్టడం కష్టమేమీ కాదు. నమోదైన దోషాలలో అల్పమైనవాటి వాటా పెరుగుతుంది. 'ఇది ముందే ఉంది', 'ఇది దోషం కాదు' అని తిప్పికొట్టినవి పెరుగుతాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైన గుర్తు మరొకటుంది: వాడుకరి మొరపెట్టుకున్న దోషాన్ని 'కొత్త సౌకర్యం కోసం విన్నపం'గా పేరు మార్చి లెక్కలోంచి తప్పించడం. అక్కడితో ఆ దోషాన్ని సరిచేసే తొందర కూడా పోతుంది.

అంకెలు లేకుండా నిర్వహణ ఎలా అని మేనేజర్లు అడుగుతారు. అంకెలు వద్దని నేననను. శాతాన్ని పక్కనపెట్టి ఆ ఇరవై దోషాలనూ ఒక్కొక్కటిగా చదవమంటాను. దీన్ని పట్టగల పరీక్ష ఉండీ సమయం చాలక వదిలేశామా? వాడుకరి దగ్గరున్నంత డేటా మన దగ్గర లేకపోయిందా? అసలు అలా పనిచేయాలని ఎవరూ రాయనే లేదా? మొదటిదానికి జవాబుదారీ గడువు పెట్టినవారు, రెండోదానికి పరికరాలు సమకూర్చవలసినవారు, మూడోదానికి అవసరాలు రాసినవారు. ఈ ముగ్గురి లెక్కనూ పరీక్షకుడి ఖాతాలో రాసే శాతానికి జీతాలు నిర్ణయించే అర్హత లేదని నా వాదన.

ఈ వృత్తిలో ఉన్న బ్లాగ్మిత్రులు చెప్పండి: మీ దగ్గర ఈ శాతాన్ని విడుదలైన ఎన్నో రోజున లెక్కిస్తారు? ఆ రోజును నిర్ణయించింది ఎవరు?