ఆ ఒక్క యూనిట్ ఖరీదు 218 రూపాయలు

తెలంగాణలో రెండు కిలోవాట్ల లోడు ఉన్న ఒక ఇల్లు నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే బిల్లు 942 రూపాయలు వస్తుంది. అదే ఇల్లు ఇంకొక్క యూనిట్ వాడితే బిల్లు 1,159 రూపాయల 76 పైసలకు చేరుతుంది. ఏసీ మరో ముప్పావు గంట నడిస్తే తిరిగేంత కరెంటు అది. రేట్ల పట్టికలో దాని ధర 7 రూపాయల 70 పైసలని ఉంటుంది. ఇంటాయన జేబులోంచి పోయేది మాత్రం దాదాపు 218 రూపాయలు. ఇందులో రీడింగ్ తీసే మనిషి తప్పు లేదు, మీటరు దూకుడూ లేదు. లెక్క సరిగ్గానే ఉంది. సందేహం రావలసింది ఆ లెక్క కట్టిన తీరు మీద.

రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఇంటి రేట్లు చూడండి. నెలకు వంద యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95, తర్వాతి 50 రూ.3.10. వంద దాటి రెండు వందల లోపు ఉంటే ఆ చౌక రేట్లు రద్దయిపోతాయి. మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80 వేస్తారు. రెండు వందలు దాటితే మళ్లీ మొదటికి వెళ్లి, తొలి 200 యూనిట్లకూ రూ.5.10 కడతారు. ఆ పైన వంద యూనిట్లకు రూ.7.70, ఇంకో వందకు రూ.9, 800 వరకు రూ.9.50, ఆ తర్వాత రూ.10. చాలామంది అనుకునేది స్లాబు దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుందని. తెలంగాణలో వంద దగ్గర, రెండు వందల దగ్గర అలా జరగదు. అంతకుముందు వాడుకున్న యూనిట్ల ధర కూడా వెనక్కి వెళ్లి మారుతుంది.

పైన చెప్పిన ఇంటినే తీసుకుంటే, 200 యూనిట్లకు కరెంటు ధర 340, 480 కలిపి రూ.820. దానికి కస్టమర్ చార్జీ రూ.90, కిలోవాటుకు పది చొప్పున ఫిక్స్‌డ్ చార్జీ రూ.20, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం రూ.12. మొత్తం రూ.942. ఇక 201 యూనిట్లకు: తొలి రెండు వందలకు రూ.1,020, ఆ ఒక్కదానికి రూ.7.70, కస్టమర్ చార్జీ పెరిగి రూ.100, ఫిక్స్‌డ్ చార్జీ అదే రూ.20, సుంకం రూ.12.06. పెరిగిన దాంట్లో 200 రూపాయలు కేవలం పాత యూనిట్లకు కొత్త ధర కట్టినందువల్ల వచ్చినవే.

ఇలా కట్టడానికి కారణం లేకపోలేదు. రెండు బల్బులు, ఒక ఫ్యాన్ ఉన్న ఇంటికి రూ.1.95కు కరెంటిస్తే, ఆ నష్టం ప్రభుత్వ సబ్సిడీ నుంచో, పెద్ద వినియోగదారుల నుంచో రావాలి. మూడు ఏసీలున్న ఇంటికి కూడా తొలి యాభై యూనిట్లు అదే ధరకు ఇవ్వడం ఎందుకన్నది ఈ పద్ధతి వెనక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పేదకిచ్చే రాయితీ కలిగినవాడి బిల్లులోకి జారకుండా ఈ గోడ కట్టారు. అయితే గోడ తగిలేది మూడు ఏసీల ఇంటికి కాదు. ఆ ఇల్లు ఎలాగూ 500 యూనిట్ల పైనే ఉంటుంది. ఏడాదంతా 170, 180 వాడి ఏప్రిల్, మే నెలల్లో కూలరు వేసుకునే ఇల్లే దాన్ని గుద్దుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి వర్గాలు ఉండేవి. 2022లో వాటిని ఎత్తేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టారు: 30 వరకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. విద్యుత్ శాఖలో టెలిస్కోపిక్ అనే పద్ధతి ఇదే. ఎన్ని యూనిట్లు వాడినా కింది మెట్టు ధర మారదు. అక్కడ 200 యూనిట్లకు కరెంటు ధర రూ.867 అయితే 201కి రూ.873. గోడ లేదు. కానీ ఆ సౌఖ్యం ఉచితంగా రాలేదు. తొలి మెట్టు ధర అప్పుడే 45 పైసలు పెరిగింది, మధ్య మెట్ల మీద రూపాయికి పైగా పడింది. వంద యూనిట్ల ఇంటికి కరెంటు ధర తెలంగాణలో రూ.252.50 అయితే ఆంధ్రలో రూ.304.50. మూడు వందల యూనిట్ల ఇంటికి తెలంగాణలో రూ.1,790, ఆంధ్రలో రూ.1,673. అంటే గోడ తీసేసినప్పుడు లాభపడింది పై మెట్టువాడు. ‘ఆంధ్రలా చేస్తే చాలు’ అనేవాళ్లు ఈ రెండో అంకెలు కూడా చూడాలి.

స్లాబు కొలిచేది మీటరునే, మనుషులను కాదు. ఒకే మీటరు మీద ఏడుగురున్న ఉమ్మడి కుటుంబం 300 యూనిట్లు వాడితే తెలంగాణలో రూ.1,790 కడుతుంది. అదే కరెంటు రెండు మీటర్ల మీద చెరి 150గా పంచుకుంటే ఒక్కో మీటరుకు రూ.580, రెండింటికీ రూ.1,160. పై అంతస్తుకు వేరే మీటరు కోసం జనం దరఖాస్తు పెట్టుకోవడంలో అద్దె లెక్కతో పాటు ఈ ఆరు వందల లెక్క కూడా ఉంటుంది.

గోడ ఉన్నచోట రోజుల లెక్క ప్రాణం మీదికి వస్తుంది. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇల్లు 30 రోజుల్లో 195 దగ్గర ఆగుతుంది. రీడింగ్ ఒక్క రోజు ఆలస్యమై 31వ రోజున తీస్తే 201 దాటుతుంది. మూడు రోజులు ఆలస్యమైతే 214. అప్పుడు స్లాబు హద్దును కూడా రోజులతో పాటు సాగదీయాలి. 33 రోజులకు హద్దు 200 కాదు, 220. అలా కడితే తొలి 110 యూనిట్లు రూ.3.40కి, మిగిలిన 104 రూ.4.80కి వచ్చి కరెంటు ధర రూ.873 అవుతుంది. సాగదీయకుండా కడితే రూ.1,128. కాబట్టి బిల్లు అందగానే మొత్తం అంకె కంటే ముందు చూడవలసినవి పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ. మధ్య 30కి మించి రోజులుంటే పై లెక్క ఒకసారి వేసుకోవాలి. తాళం వేసి ఉండి ఒక నెల రీడింగ్ తీయని ఇంటికి తర్వాతి నెల రెండు నెలల యూనిట్లు కలిసి వస్తాయి. వాటినీ నెలలకు పంచే స్లాబులు కట్టాలి. తేడా కనిపిస్తే 1912కి ఫోన్ చేయడం మొదటి మెట్టు. ఆ పైన ఈఆర్వో కార్యాలయం, అక్కడా తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, చివరికి విద్యుత్ అంబుడ్స్‌మన్. ఫిర్యాదులో రెండు తేదీలు, రెండు రీడింగులు రాస్తే చాలు. ‘బిల్లు ఎక్కువొచ్చింది’ అని మాత్రమే రాసిన అర్జీకి ‘మీటరు సరిగ్గానే ఉంది’ అన్న జవాబే వస్తుంది.

ఫిక్స్‌డ్ చార్జీ గురించి జనంలో కోపం ఎక్కువ, సొమ్ము తక్కువ. వాడకంతో సంబంధం లేకుండా, ఇంటికి మంజూరైన లోడును బట్టి రెండు రాష్ట్రాల్లోనూ సాధారణ గృహాలకు కిలోవాటుకు నెలకు పది రూపాయలే. డిస్కంల వైపు చూస్తే అది చాలా స్వల్పం. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది జీతాలు, కరెంటు కొన్నా కొనకపోయినా విద్యుత్ కేంద్రాలకు ఒప్పందం ప్రకారం కట్టే స్థిర చార్జీలు, ఇవన్నీ మనం స్విచ్ వేయకపోయినా ఆగేవి కావు. ఆ ఖర్చులో అధిక భాగాన్ని యూనిట్ ధరలో కలిపి వసూలు చేస్తారు. 2024లో తెలంగాణ డిస్కంలు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు దీన్ని కిలోవాటుకు 50 రూపాయలు చేయమని అడిగితే, నియంత్రణ మండలి ఆ ఏడాది అక్టోబర్‌లో 800 యూనిట్లు దాటినవారికి మాత్రమే ఒప్పుకుంది. నా దృష్టిలో అది సరైన గీతే.

బిల్లులో అసలు అర్థం కాని వరుస సర్దుబాటు చార్జీలది. ఏడాది మొదట్లో రేట్లు ఖరారు చేసేటప్పుడు కరెంటు కొనుగోలు ఖర్చు ఫలానా అని అంచనా వేస్తారు. బొగ్గు ధర పెరిగితేనో, కొరత రోజుల్లో బయటి మార్కెట్లో ఎక్కువ పెట్టి కొంటేనో అంచనా తప్పుతుంది. ఆ తేడాను తర్వాత వసూలు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేస్తూ, అదీ చాలకపోతే ఏడాది చివర మిగిలింది తేలుస్తున్నారు. 2022-23లో మిగిలిన తేడా రూ.6,072 కోట్లని తేల్చి, 2024 డిసెంబర్ నుంచి 15 నెలల్లో రాబట్టేందుకు అనుమతిచ్చారు. ఇంటి మీటరుకు ఇది పాత నెలల్లో ఆ మీటరు మీద తిరిగిన యూనిట్ల లెక్కన పడుతుంది. 2022లో ఆ ఇంట్లో ఉన్న కిరాయిదారు వాడిన కరెంటు బాకీ ఇప్పుడున్నవాడు కడతాడు. ఇందులో నేను ఏ సమర్థనా చూడలేను. ఖర్చు నిజమే కావచ్చు, కానీ రెండేళ్ల నాటి వాడకం మీద వేసిన ధర ఎవరి వాడకాన్నీ మార్చదు, కట్టేవాడెవరో కూడా చూడదు. లెక్క రెండో వైపు కూడా తిరుగుతుంది. 2024-25కు ఎక్కువ వసూలైందని తేలి, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించారు.

మళ్లీ తెలంగాణలోని ఆ గోడ దగ్గరికి. దాన్ని కూల్చకుండా వాలుగా చేయవచ్చు. ఇప్పటి రేట్ల ప్రకారం 400 యూనిట్ల ఇల్లు కట్టే కరెంటు ధర రూ.2,690. రెండు వందల దగ్గర రూ.820. మధ్య తేడా రూ.1,870, యూనిట్లు 200. అంటే 200 దాటిన ఇంటికి తొలి యూనిట్ల ధర మార్చకుండా, 201 నుంచి 400 వరకు ఒకే రేటు రూ.9.35 పెడితే 400 దగ్గర బిల్లు ఒక్క పైసా మారదు. ఆపైన ఇప్పటి రూ.9.50 మెట్టు యథాతథంగా కొనసాగుతుంది. 500 యూనిట్ల ఇంటికి పాత బిల్లే. 201వ యూనిట్‌కు మాత్రం ధర రూ.7.70 అని చెప్పి రెండు వందలు తీసుకునే బదులు రూ.9.35 అని చెప్పి రూ.9.35 తీసుకుంటారు. డిస్కం వదులుకునేది 201 నుంచి 399 మధ్య ఉన్న ఇళ్ల మీద కొంత. 300 యూనిట్ల ఇంటి మీద అది 35 రూపాయలు. హద్దు పక్కనే ఉన్నవారి మీద ఎక్కువ, దాదాపు రెండు వందలు.

గృహజ్యోతి ఇళ్లకు ఈ సవరణ చాలదు. 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న అర్హులకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. అక్కడ 200 దగ్గర కట్టేది సున్నా, 201 దగ్గర పూర్తి బిల్లు. రెండు కిలోవాట్ల ఇంటికి అది దాదాపు రూ.1,160. ఆ ఇళ్లకు 300 యూనిట్ల వరకు దాటిన భాగానికే బిల్లు వేస్తే వాలు ఏర్పడుతుంది. కానీ ఆ భారం డిస్కంది కాదు, సబ్సిడీ చెల్లించే ప్రభుత్వానిది. దానికి డబ్బు చూపించవలసింది నియంత్రణ మండలి కాదు, బడ్జెట్.