జూన్ నుంచి అక్టోబర్ దాకా మన ఖర్చు ఎవరి ఖాతాలో పడుతున్నది?



పట్నంలో చదివే మన పిల్లల గురించి పెద్దలు మాట్లాడినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వస్తది. "పోరగాళ్లకు పైసల విలువ తెలుస్తలేదు, అంతా ఫోన్లకే పెడుతున్నరు" అని. నేను ఉట్నూర్ దిక్కు నుంచి వచ్చి కరీంనగర్‌లో డిగ్రీ చదివిన. నలుగురం గోండు పిల్లలం ఒకే గదిలో వండుకొని తిన్నం. ఆ మూడేండ్ల లెక్క ముందట పెట్టుకొని చెప్తున్న, ఆ మాట తప్పు. పైసలు పోయేది ఫోన్‌లో కాదు. ఎక్కడ పోతున్నయో చూద్దాం.

ఇంటి నుంచి నెలకు 4,000 వచ్చేవి. బియ్యం ఇంటి నుంచే తెచ్చుకునేది. కిరాయి, కరెంటు కలిపి 4,400, అంటే మనిషికి 1,100. కూరగాయలు, పప్పు, నూనె, గుడ్లు, గ్యాస్ అన్నీ కలిపి మనిషికి 1,600. ఫోన్ రీచార్జ్ 300, జిరాక్సులు, రికార్డులు 300, సబ్బులు, కటింగ్ 250, ఊర్ల తిరగడానికి 250. మొత్తం 3,800. మిగిలేది 200.

ఇందులో దుబారా ఎక్కడుందో మీరే చెప్పండి. హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే పిల్లలకు 2024 నవంబర్‌లో మెస్ ఛార్జీలు 1,500 నుంచి 2,100 చేసిన్రు. అంటే తిండికి రోజుకు 70 రూపాయలు కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నది. మేము ఇంటి బియ్యం పక్కన పెడితే రోజుకు 53 రూపాయలతో తిన్నం. దీంట్ల ఇంకా కోస్తే కోసేది గుడ్డునే.

నెల ఖర్చు కాదు మమ్మల్ని ముంచింది. ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే ఖర్చులు ముంచినయి. సెమిస్టర్ పరీక్ష ఫీజు, కొత్త గదికి అడ్వాన్స్, వానకాలంలో జ్వరం, ఇంటికి పోయి వచ్చే బస్సు కిరాయి. (2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, చెల్లెళ్లకు అది పెద్ద ఆసరా. మగపిల్లలకు జన్నారం, లక్షెట్టిపేట మీదుగా పోయి రావాలంటే నెలకు మిగిలిన 200 సరిపోవు.) ఇవన్నీ ఎప్పుడు మీద పడతయి? ఎక్కువ శాతం జూన్ నుంచి అక్టోబర్ మధ్యలనే. కొత్త సంవత్సరం మొదలయ్యేది అప్పుడే, జ్వరాలూ అప్పుడే.

సరిగ్గా అప్పుడే ఇంట్ల పైసా ఉండదు. జూన్‌లో పత్తి విత్తనాలు పెడతరు. విత్తనం, యూరియా, మందులు, అన్నిటికీ పెట్టుబడి పోతనే ఉంటది. పత్తి ఏరుడు మొదలయ్యేది దండారి పండుగ అటూ ఇటూ. అమ్మి చేతికి పైసలు వచ్చేసరికి డిసెంబర్, జనవరి. మా ఇంట్ల ఆదాయం ఏడాదికి ఒక్కసారి, నా ఖర్చు నెలనెలా. మరి జూలైలో నా ఖాతాలో పడ్డ 4,000 ఎక్కడివి?

నాకు రెండో ఏడాదిలో గాని తెలువలే. దండారికి ఇంటికి పోయినప్పుడు బాపును అడిగిన.

"సేటు దగ్గర తెచ్చిన బిడ్డా. పత్తి అమ్మినంక కడుత."

"ఎంత వడ్డీకి?"

"మూడు రూపాయలు."

వందకు నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. కూసొని లెక్క వేసినం. 4,000కు నెల వడ్డీ 120. జూన్‌లో తెచ్చిన 4,000 జనవరిలో కడితే ఏడు నెలల వడ్డీ 840. జూలైది 720, ఆగస్టుది 600, సెప్టెంబర్‌ది 480, అక్టోబర్‌ది 360. మొత్తం 3,000. ఐదు నెలలకు నేను తిన్నది 20,000, ఇల్లు కట్టేది 23,000.

ఇక్కడితో అయిపోతే బాగుండు. అప్పు ఇచ్చిన సేటుకే పత్తి వెయ్యాలె, రాసుకున్నది లేకున్నా షరతు అదే. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,521 రూపాయలు. సీసీఐ కేంద్రానికి తీసుకపోతే తేమ 8 శాతం లోపల ఉంటే ఆ ధర వస్తది, 12 శాతం దాకా కోత పెట్టి కొంటరు. మరి ఇంటి ముందట తూకం వేసే సేటు క్వింటాల్‌కు 500 తక్కువ కట్టిండనుకోండి. పది క్వింటాళ్లకు 5,000 పోయినట్టే. వడ్డీ 3,000 కలిపితే 8,000. నా రెండు నెలల ఖర్చు, నేను ముట్టుకోకుండానే పోయింది. విత్తనాల అప్పు కూడా అదే సేటుది కాబట్టి ఈ నష్టమంతా నా చదువు మీద వెయ్యలేం, నిజమే. కానీ ప్రతి నెలా నా 4,000 కలిసే కొద్దీ ఆ ముడి ఇంకా గట్టిగ బిగిసింది.

అందుకే నా అభిప్రాయం ఇది. మన పిల్లల పైసల లెక్క నెల లెక్కగా రాస్తే తప్పు వస్తది, పత్తి లెక్కగా రాయాలె. జనవరిలో పత్తి పైసలు వచ్చినప్పుడు మొదట పక్కకు పెట్టాల్సింది వచ్చే జూన్ నుంచి అక్టోబర్ దాకా ఖర్చు. మొత్తం 20,000 కాకపోతే పదివేలైనా. ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. బాపు ఖాతాల పంట రుణం బాకీ ఉంటే పడ్డ పైసలు దానికే జమ కావచ్చు. మేము అవ్వ ఖాతాల వేసినం. తక్కువపడ్డదానికి అవ్వ మహిళా సంఘంలో పొదుపు పైసల నుంచి రూపాయి వడ్డీకి తీసుకున్నది. లెక్క చూడండి, అదే 20,000 అదే తీరుగ రూపాయి వడ్డీకి తెచ్చినా 3,000 బదులు 1,000 అయితది. పత్తి ఎవరికి అమ్మాలన్నది మన ఇష్టం అయితది, అది ఇంకా పెద్ద లాభం.

స్కాలర్‌షిప్‌ను మాత్రం ఈ లెక్కలో వెయ్యకండి. నాకు రెండో ఏడాదిది మూడో ఏడాదిలో పడ్డది. ఎప్పుడో వచ్చే పైసలను చూపి ఇవ్వాళ బాకీ చేస్తే, వచ్చిన రోజే అవి మనయి కావు. వచ్చినప్పుడు పాత బాకీ కట్టి, మిగిలింది అవ్వ ఖాతాకే పంపాలె. ఫోన్‌లో క్షణంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. 3,000 అని చూపి, ఫీజు కోసుకొని 2,000 చేతిలో పెట్టి, వారంలో 3,000 కట్టమన్న యాప్‌లను మా గదిలోనే చూసినం. సేటు వడ్డీ దాని ముందు చిన్నగ కనబడ్డది. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు పోయినయి, ఊర్ల మామకు కూడా.

పత్తి పోయిన ఏడాది ఈ లెక్క ఏదీ నిలబడదని నాకు తెలుసు. గులాబీ పురుగు తిన్న చేను నుంచి జనవరిలో పక్కకు పెట్టడానికి ఏముంటది? అక్కడ పొదుపు పాఠాలు చెప్పడం ఎగతాళే. అందుకే స్కాలర్‌షిప్ ఎంత పెంచిన్రన్న దానికన్నా ఏ తేదీన వేస్తరన్నది మనం గట్టిగ అడగాలె. ఏజెన్సీలో లైసెన్సు లేని వడ్డీ వ్యాపారాన్ని ఆపడానికి 1960 నుంచి రెగ్యులేషన్ ఉన్నది. కానీ జూలైలో పిల్లల ఖాతా ఖాళీగ ఉన్నంత కాలం బాపు ఆ సేటు గడపకే పోతడు. జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకొకసారి, ఐదో తారీఖు లోపల మెయింటెనెన్స్ పైసలు పడాలె. మిగిలిన నెలలది ఆలస్యమైనా ఓర్చుకుంటం.

ఈసారి దండారికి ఇండ్లకు పోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, జూలైలో మీకు పంపిన పైసలు ఎక్కడ తెచ్చిన్రో, ఎంత వడ్డీకో, పత్తి ఎవరికి వేస్తమని మాటిచ్చిన్రో అడిగి రండి. వచ్చినంక రాసి పంపండి. మండలాల వారీగా కలిపి, దాన్నే వినతిపత్రంగా ఐటీడీఏ ముందు పెడదాం.