46,800 రూపాయల ఆదా ఎవరికి?

సంపాదకులకు,

జనవరి వచ్చిందంటే పన్ను ఆదా ప్రకటనల్లో ఒకే అంకె కనిపిస్తుంది. 80సి కింద లక్షన్నర పెడితే 46,800 రూపాయలు మిగులుతాయంటారు. ఈ అంకె తప్పు కాదు. లక్షన్నరలో 30 శాతం 45,000, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే సరిగ్గా అంతే వస్తుంది. అయితే అది పాత విధానంలో ఉన్నవారికి, అందులోనూ మినహాయింపులన్నీ పోయాక కూడా పన్ను పడే ఆదాయం పది లక్షల పైనే ఉన్నవారికి మాత్రమే నిజం. కొత్త విధానంలో 80సి లేదు కాబట్టి అక్కడ ఆ ఆదా సున్నా. 2023–24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానమే. కనుక ఏ మినహాయింపు ఎంత మిగులుస్తుందో విడిగా చూడడం దండగ. ఒకే జీతం మీద రెండు విధానాల్లోనూ చివరి పన్ను ఎంతో తేల్చాకే పెట్టుబడి సంగతి ఆలోచించాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ముందు పాలసీ కొని, తర్వాత లెక్క వేసుకుంటున్నారు.

హైదరాబాద్‌లో ఏడాదికి 18 లక్షల జీతం తీసుకునే ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. 2025–26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 17,25,000 మిగులుతుంది. అందులో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆ పై నాలుగింటికి 10 శాతం చొప్పున 40,000, ఇంకో నాలుగింటికి 15 శాతం చొప్పున 60,000, మిగిలిన లక్షా పాతికవేలకు 20 శాతం చొప్పున 25,000. మొత్తం 1,45,000, సెస్సుతో 1,50,800. ఇప్పుడు ఇదే మనిషికి పాత లెక్క వేద్దాం. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సి పూర్తిగా లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో అదనంగా 50,000, ఆరోగ్య బీమా ప్రీమియం 25,000 తీసేస్తే 15,22,600 మిగులుతుంది. పాత శ్లాబుల్లో పది లక్షల వరకు పన్ను 1,12,500. ఆ పైన ఉన్నదంతా 30 శాతం. సెస్సుతో కలిపి 2,80,051 అవుతుంది. అంటే ప్రకటనలు చెప్పినవన్నీ బుద్ధిగా చేసిన తర్వాత కూడా ఈ ఉద్యోగి పాత విధానంలో ఉంటే 1,29,000కు పైగా ఎక్కువ కడతాడు.

దీనికి కారణం తెలియాలంటే లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాలి. పాత విధానంలో కూడా పన్ను 1,45,000కే ఆగాలంటే పన్ను పడే ఆదాయం దాదాపు 11,08,000కు దిగాలి. అంటే 18 లక్షల్లోంచి 6,92,000 దాకా తగ్గాలి. స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను పోగా ఇంకా సుమారు 6,40,000 మినహాయింపులు చూపించాలి. అంతవరకు చూపించిన ప్రతి రూపాయీ రెండు విధానాలను సమానం చేయడానికే సరిపోతుంది. అది దాటిన రూపాయే నిజంగా పన్ను తగ్గిస్తుంది. ఈ గీత జీతాన్ని బట్టి మారుతుంది. 12,75,000 జీతానికి కొత్త విధానంలో రిబేటు వల్ల పన్నే లేదు. పాత విధానంలో ఆ సున్నా రావాలంటే ఆదాయం ఐదు లక్షలకు దిగాలి, అంటే మొత్తం 7,75,000 తగ్గాలి. అది అందరికీ సాధ్యమయ్యేది కాదు.

అయితే పాత విధానం చచ్చిపోయిందనే వాదనను కూడా నేను ఒప్పుకోను. పై ఉద్యోగికే గుంటూరులో తల్లిదండ్రులు ఉంటున్న సొంత ఇల్లుందనీ, దాని రుణం మీద ఏడాదికి రెండు లక్షల వడ్డీ కడుతున్నాడనీ అనుకోండి. సొంతానికి వాడుకునే ఇంటి మీద ఆ వడ్డీ పాత విధానంలోనే తగ్గుతుంది. అయినా పన్ను 2,17,651 దగ్గరే ఆగుతుంది, కొత్తదే మేలు. తాను హైదరాబాద్‌లో నెలకు 30,000 అద్దె కడుతున్నాడనుకుంటే అప్పుడు కథ మారుతుంది. మూల వేతనం తొమ్మిది లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 3,60,000 అయితే, కట్టిన అద్దెలోంచి మూల వేతనంలో పదో వంతు తీసేయగా మిగిలే 2,70,000కు మినహాయింపు వస్తుంది. వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, మూల వేతనంలో 40 శాతం, ఈ మిగులు, మూడింటిలో తక్కువది ఇదే. ఇప్పుడు పన్ను 1,33,411. పాత విధానమే 17,389 రూపాయలు మేలు. ఉద్యోగం అదే, జీతం అదే. తీర్పును తిప్పింది ఇంటి రుణం, అద్దె కలిసి రావడమే. ఏడాది చివర్లో కొన్న పాలసీ కాదు.

కొత్త విధానం పొదుపు అలవాటును చంపేస్తుందని కొందరి బాధ. అది నిజాయితీ ఉన్న అభ్యంతరమే. కానీ ఇదే ఉద్యోగి పీఎఫ్ చూడండి. మూల వేతనంలో 12 శాతం కడుతుంటే ఏడాదికి 1,08,000 జీతంలోంచే పోతుంది, ఏ విధానంలో ఉన్నా పోతుంది. 80సిలో మిగిలింది 42,000 మాత్రమే, ఇంటి రుణం అసలు కిస్తులతో అదీ నిండుతుంది. ఇక ఈ ఉద్యోగి కొత్తగా వేసుకోవలసింది ఎన్‌పీఎస్ 50,000 ఒక్కటే. అది లేకపోతే పాత పన్ను 1,49,011. రెండు విధానాల మధ్య తేడా 1,789కి పడిపోతుంది. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ కుటుంబం కోసం ఎలాగూ ఉండవలసినవే. పన్ను తగ్గదని మానేయకూడదు, పన్ను తగ్గుతుందని ఎక్కువ కొనకూడదు.

అద్దె రసీదులు సృష్టిస్తే పాతదే గెలుస్తుంది కదా అనే మాట ఆఫీసుల్లో వినబడుతుంది. దీన్ని గట్టిగా ఖండించాలి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి, ఆ అద్దె యజమాని ఆదాయంలో కనబడాలి. కనబడకపోతే నోటీసు వస్తుంది. తప్పుడు వివరాలు ఇచ్చి ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా ఉంది. లేని అద్దెను వేసి పోల్చిన లెక్క ఏ విధానం మేలో చెప్పదు, దొరికిపోతే కట్టవలసింది మాత్రం పెంచుతుంది.

నా కోరిక ఒక్కటే. ఏప్రిల్‌లో ఏ విధానమో చెప్పమని యాజమాన్యాలు ఉద్యోగులకు ఫారం పంపుతున్నాయి. ఆ ఫారంలోనే గత ఏడాది ఇచ్చిన అద్దె, వడ్డీ, పీఎఫ్ అంకెలతో రెండు పన్నులూ పక్కపక్కన వేసి, రెండూ సమానమయ్యే మినహాయింపు మొత్తం ఎంతో రాసి పంపాలి. ఆ అంకెలన్నీ జీతాల విభాగం దగ్గర ఉన్నవే. ఏప్రిల్‌లో తప్పుగా చెప్పినా జీతం ఒక్కటే ఆదాయమైనవారు రిటర్ను వేసేటప్పుడు విధానం మార్చుకోవచ్చు, ఎక్కువ కోసిన టీడీఎస్ తిరిగి తీసుకోవచ్చు. కానీ ఆ రిటర్ను గడువులోగా వేయాలి. గడువు దాటితే పాత విధానం ఎంచుకునే హక్కు ఆ ఏడాదికి పోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్